మాస్టర్ బాత్రూమ్ పని: ఎవరి తర్వాత ఎవరు రావాలి

అక్కా, నిన్న బావ ఫోన్‌లో అడిగినవన్నీ కలిపి ఒకేచోట రాస్తున్నా. బావకి చూపించు, మేస్త్రికి కూడా చదివి వినిపించు. మీ మేస్త్రి "పైన టైల్స్ మార్చేస్తే చాలమ్మా, పది రోజుల్లో అయిపోతుంది" అన్నాడట కదా, దానికి ఒప్పుకోవద్దు. కింద రెండో అంతస్తు వాళ్ల బాత్రూమ్ సీలింగ్ తడిసి పెచ్చులు ఊడుతోందంటే, నీళ్లు మీ టైల్స్ కింద, పైపుల కోసం గుంతలా దించిన పల్లపు స్లాబులో నిలుస్తున్నాయన్నమాట. ఇరవై ఏళ్ల బిల్డింగ్, అప్పట్లో ఆ గుంతలో ఇటుక ముక్కలు, దుబ్బ పోసి మూసేసి ఉంటారు. స్లాబు కనిపించేదాకా తవ్వాల్సిందే. ఐదు బై ఎనిమిది బాత్రూమ్ కాబట్టి ఒక్కసారి కష్టపడితే అయిపోతుంది, మూడు నాలుగు వారాలు కామన్ బాత్రూమ్‌తో సర్దుకోండి. అత్తమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి అక్కడ కమోడ్ పక్కన పట్టుకోవడానికి ఒక రాడ్ ముందే బిగించుకోండి.

సుత్తి పడకముందే సామాను కొనేయాలి. అందరూ ఇది చివరికి వాయిదా వేస్తారు, తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. కమోడ్ మోడల్ తెలియకుండా ప్లంబర్ కిందిపైపు ఎక్కడ పెడతాడు? నేల మీద కూర్చునే, పైపు నేలలోకి దిగే ఎస్ ట్రాప్ కమోడ్ అయితే, పూర్తయిన టైల్ గోడ నుంచి పైపు మధ్యకి 9 అంగుళాలు ఉండేది ఒక రకం, 4 అంగుళాలు, 12 అంగుళాలు ఉండేవి వేరే రకాలు. గోడకి వేలాడే కమోడ్ అయితే లోపల ఇనుప ఫ్రేమ్, ట్యాంక్ ముందే బిగించాలి, దాని లెక్కే వేరు. షవర్‌కీ ట్యాపుకీ నీళ్లు మళ్లించే డైవర్టర్ కూడా అంతే, లోపలి బాడీ గోడలోకి పోతుంది, బయటి పిడి చివర్లో వస్తుంది, రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి కావాలి. కాబట్టి ఈ ఆదివారం రాణిగంజ్ వెళ్లి కమోడ్, డైవర్టర్, బేసిన్, షవర్, నేల మీది నీళ్లు పోయే నహానీ ట్రాప్ జాలీ తీసుకోండి. లైట్లు, స్విచ్‌లు ట్రూప్ బజార్‌లో చూసుకోవచ్చు, వాటికి తొందర లేదు. టైల్స్ కావాల్సిన దానికంటే పది శాతం ఎక్కువ, అన్ని పెట్టెల మీద బ్యాచ్ నంబర్ ఒకటే ఉండేలా చూసి తెచ్చుకోండి. తర్వాత నాలుగు తక్కువయ్యాయని వెళ్తే అదే రంగు మళ్లీ దొరకదు. నేలకి మాట్ ఫినిష్‌వే తీసుకో, మెరిసేవి అత్తమ్మ ఉన్న ఇంట్లో వద్దు.

అసోసియేషన్‌కి ఒక లెటర్ ఇచ్చి, శబ్దం చేసే పని ఏ టైములో చేయొచ్చో అడుగు. కింద వాళ్లకి నువ్వే వెళ్లి చెప్పిరా, ఫోన్ కాదు, ఎందుకంటే తర్వాత వాళ్ల సీలింగ్ చూడటానికి రెండు మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాల్సి ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడే ఆ తడి మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, తారీఖు వేసి, ఫోటో తీసుకో. పాత తడి ఆరడానికి వారాలు పడుతుంది, మరక కనిపిస్తూనే ఉంటుంది. గీత దాటి పెరిగిందా లేదా అన్నదే మనకి కావాలి.

ఇక మొదటి రోజు. ముందు రావాల్సింది పగలగొట్టే లేబర్ కాదు, ప్లంబర్. ఆ బాత్రూమ్‌కి వచ్చే వాల్వ్ కట్టేసి, పాత ట్యాపులూ గీజరూ ఊడదీసి, పైపు చివరలకి డమ్మీలు బిగించి వెళ్లాలి. అదే రోజు ఎలక్ట్రీషియన్ వచ్చి గీజర్ లైనూ లైటు లైనూ బోర్డు దగ్గరే విప్పేయాలి. తర్వాత లేబర్. కమోడ్ తీసిన వెంటనే ఆ పైపు నోట్లో గోనెసంచి కుక్కి పైన చెక్క పెట్టించు, నహానీ ట్రాప్‌కి కూడా. ఒక్క ఇటుక ముక్క స్టాక్ పైపులో పడిందంటే కింద అంతస్తుల్లో అందరికీ జామ్, నీకు గొడవ. గోడ టైల్స్ పై నుంచి కిందకి, తర్వాత నేల, ఆఖర్న గుంతలో ఉన్న ఫిల్లింగ్ మొత్తం. రబ్బిష్ సిమెంటు బస్తాల్లో కట్టి దింపాలి. పార్కింగ్‌లో కుప్ప పోసి రాత్రికి రాత్రి నాలా పక్కన పారబోసే ఆటోవాడికి ఇవ్వొద్దు, జీడిమెట్లలో నిర్మాణ వ్యర్థాల ప్లాంట్ ఉంది, మీ దగ్గరే.

స్లాబు బయటపడ్డాక ఒక పూట పని ఆపి నాకు వీడియో కాల్ చేయి. కాంక్రీటు బోలుగా మోగినా, తుప్పు పట్టిన ఇనుము కనిపించినా, అది రిపేరు చేశాకే ముందుకి వెళ్లాలి. దాని మీదే వాటర్‌ప్రూఫింగ్ పూస్తే డబ్బులు నీళ్లలో పోసినట్టే.

ఇప్పుడు ప్లంబర్ రెండోసారి వస్తాడు. అతను పైపు ముట్టుకోకముందే మేస్త్రిని పిలిచి, రసమట్టం పెట్టి, పూర్తయిన నేల నుంచి ఒక మీటరు ఎత్తులో నాలుగు గోడలకీ గీత కొట్టించు. ఎత్తులన్నీ ఆ గీత నుంచే కొలవాలి, పగిలిన నేల నుంచి కాదు. పూర్తయిన నేల బెడ్‌రూమ్ కంటే కనీసం ముప్పావు అంగుళం కిందకి ఉండాలి, గ్రానైట్ గడప ఎలాగూ పెడతారు. ముందు డ్రైనేజీ పైపులు, తర్వాత నీళ్ల పైపులు. డ్రైనేజీకి వాటం ముఖ్యం, గోడలోంచి పైపు బయటికెళ్లే చోట చుట్టూ కుంచించుకోని గ్రౌట్ పెట్టించాలి, మామూలు సిమెంటు కాదు, లీకులు ఎక్కువగా అక్కడి నుంచే. నీళ్లకి వేడీ చల్లా రెండూ సీపీవీసీ ప్లాస్టిక్ పైపులే. డైవర్టర్ బాడీ మీద ఒక ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, దాని మీద కనీసం, గరిష్ఠం అని రెండు గుర్తులుంటాయి, పూర్తయిన టైల్ ముఖం ఆ రెండింటి మధ్యకి రావాలి. ప్లాస్టరింగ్ మందం, టైల్ అతికించే గమ్ మందం, టైల్ మందం మూడూ కూడితే మామూలుగా అంగుళం దగ్గర అవుతుంది, ఆ లెక్క ప్లంబర్ చేత నీ ఎదురుగా వేయించు. లోపలికి ఎక్కువ పోతే పిడి అందదు, బయటికి వస్తే ప్లేటు గోడకి ఆనదు, రెండిట్లో ఏదైనా టైల్స్ పగలగొట్టడమే.

ఎలక్ట్రీషియన్ కూడా ఈ రోజుల్లోనే గాడి కొట్టేయాలి. గీజర్‌కి విడిగా లైను, 16 ఆంప్ పాయింటు, 4 స్క్వేర్ ఎంఎం వైరు వేయమను, ఎర్త్ తప్పనిసరి. మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ లేకపోతే ఈ వంకతో పెట్టించు. అద్దం పైన లైటు పాయింటు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి గోడలో రంధ్రం కూడా ఇప్పుడే, టైల్స్ వేశాక కోర్ కటింగ్ అంటే దుమ్మూ రిస్కూ.

గాడులు మూసేముందు ప్రెషర్ పంపు పెట్టి టెస్ట్ చేయించు. సీపీవీసీ గమ్ ఒక రోజు ఆరనిచ్చి, పంపు ముల్లు ఎక్కడుందో రాసిపెట్టి, రాత్రంతా వదిలేసి పొద్దున చూడండి. ముల్లు దిగకపోతే, టేపు పక్కన పెట్టి ప్రతి గోడా ఫోటో తీసుకో. రేపు టవల్ రాడ్‌కి డ్రిల్ వేసేటప్పుడు పైపు ఎక్కడుందో ఆ ఫోటోలే చెప్తాయి.

తర్వాత మేస్త్రి వచ్చి గాడులు మూసి, గోడలు ప్లాస్టరింగ్ చేస్తాడు. గోడా స్లాబూ కలిసే మూలలు గుండ్రంగా తిప్పాలి. క్యూరింగ్‌కి నీళ్లు కొట్టి కనీసం వారం ఆగితేనే వాటర్‌ప్రూఫింగ్ వాడిని పిలవండి. పాలిమర్ కలిపిన సిమెంటు పూత రెండు కోట్లు, రెండోది మొదటి దానికి అడ్డంగా. గుంత మొత్తం, గోడలకి అడుగు ఎత్తు, షవర్ దగ్గర ఏడడుగుల దాకా. మేస్త్రి "నేనే డాక్టర్ పౌడర్ కలిపి పూస్తా" అంటాడు, మర్యాదగా వద్దను. ఎండాక పైపులన్నీ మూసి, రెండు మూడు అంగుళాలు నీళ్లు నింపి, గోడ మీద పెన్సిల్‌తో మట్టం గీసి 48 గంటలు వదిలేయాలి. కొంచెం ఆవిరై తగ్గుతుంది, అది పర్వాలేదు. మరీ తగ్గినా, కింద మరక గీత దాటినా, అక్కడే ఆగిపోవాలి. వాటర్‌ప్రూఫింగ్ వాడికి సగం డబ్బులు ఈ పరీక్ష అయ్యాకే ఇవ్వు.

పాసయ్యాక గుంత నింపాలి. బరువు తక్కువ ఉండే బ్లాకు ముక్కలతో నింపి, పైన నాలుగైదు సెంటీమీటర్ల కాంక్రీటు పొర వేసి, వాటం నహానీ ట్రాప్ వైపు ఇప్పుడే తేవాలి, టైల్స్‌తో తెద్దామంటే కుదరదు. పాత రబ్బిష్‌తోనే నింపుతానంటే ఒప్పుకోకు. ఈ పొర మీద ఇంకో పూత వాటర్‌ప్రూఫింగ్, మళ్లీ ఒక రోజు నీళ్లు.

టైల్స్ వాళ్లు ఎక్కువగా హిందీ మాట్లాడేవాళ్లే వస్తారు, బావ పక్కన ఉంటే మంచిది. కింద ఒక వరుస వదిలేసి, చెక్క ఆధారం పెట్టి గోడలు ముందు వేస్తారు, తర్వాత నేల, ఆఖరికి వదిలేసిన వరుస. అలా అయితే గోడ టైల్ నేల టైల్ మీదకి వచ్చి కూర్చుంటుంది, నీళ్లు సందులోకి పోవు. గోడకి గమ్‌తోనే, మధ్యలో నాలుగు ముద్దలు పెట్టి అతికించడం కాదు, వెనక మొత్తం దువ్వెన కరణితో పట్టించాలి. నేల అయిన మర్నాడు కాదు, గమ్ గట్టిపడ్డాక ఒక మగ్గు నీళ్లు తలుపు దగ్గర పోసి చూడు, ఎక్కడా ఆగకుండా జాలీలోకి వెళ్లాలి. గ్రౌట్ ఎపాక్సీది పెట్టించు, బోరు నీళ్ల ఉప్పు మరకలు దాని మీద తేలిగ్గా పోతాయి.

ఇక్కడి నుంచి పని తేలిక. ఫాల్స్ సీలింగ్ వాడు, వాడి తర్వాత పెయింటర్ మొదటి కోటు, తర్వాత కార్పెంటర్ తలుపు. తలుపు చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే డబ్ల్యూపీసీది చాలు, టేకు వద్దు. ఫాల్స్ సీలింగ్‌లో పైపుల దగ్గరికి చేరడానికి ఒక మూత పెట్టించడం మర్చిపోకండి. గ్లాస్ పార్టిషన్ కొలతలు టైల్స్ అయ్యాకే తీసుకోవాలి, ముందు తీసిన కొలత ఏదీ సరిపోదు.

మూడోసారి ప్లంబర్. ముందు ట్యాపులు బిగించకుండా లైను తెరిచి పైపుల్లో ఇసుక పోయేదాకా నీళ్లు వదలాలి, లేకపోతే డైవర్టర్ కార్ట్రిడ్జ్ మొదటి రోజే పోతుంది. కమోడ్, బేసిన్, యాంగిల్ కాక్‌లు, గీజర్, షవర్ వరుసగా. ఎలక్ట్రీషియన్ స్విచ్‌లూ ఫ్యానూ పెట్టి, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూపించాలి. పెయింటర్ రెండో కోటు, గ్లాస్, సిలికాన్ ఆఖర్న. సిలికాన్ పెట్టాక 24 గంటలు నీళ్లు తగలనీయకు. ప్లంబర్‌కి మిగతా డబ్బులు వారం రోజులు వాడి, కింద వాళ్లింటికి ఒకసారి వెళ్లొచ్చాక ఇవ్వు. మీ వాచ్‌మన్‌కి కూడా ఏదో ఒకటి ఇవ్వండి, బస్తాలన్నీ ఆయన ముందు నుంచే దిగుతాయి.