ఆయన తాళాల గుత్తి

ధవళేశ్వరంలో ఆ ఇల్లు కట్టింది 1987లో. అంతకు ముందు ఏడాది ఆగస్టులో గోదావరి వరద ఎలా వచ్చిందో కళ్లారా చూసిన మనిషి, పైగా ఇరిగేషన్‌లో ఉద్యోగం, అందుకే సుబ్బారావు గారు ఎవరెంత నవ్వినా వినకుండా పునాది రోడ్డు కంటే నాలుగడుగులు ఎత్తు లేపించారు.

ఆయన సంవత్సరీకాలు అయిపోయాయి. కొడుకు హైదరాబాద్ వచ్చేయమని ఒకటే పోరు. అమ్మడానికి మాత్రం అనసూయమ్మ గారు ససేమిరా అన్నారు. దీపం పెట్టే మనుషులకి అద్దెకిద్దాం అన్నారు.

వచ్చింది చిన్న సంసారం. అబ్బాయికి బ్యాంకులో ఉద్యోగం, అమ్మాయి చంకలో నాలుగు నెలల పాప. మర్నాడు శుక్రవారం, ఇంట్లోంచి ఏదీ ఇవ్వకూడదని గురువారం సాయంత్రమే రమ్మన్నారు.

గుత్తి చేతిలో పెట్టడానికి ముందు ఒక్కో తాళంచెవీ చూపించారు. "ఎర్ర రంగు పూసింది వీధి తలుపుది. శుక్లాల ఆపరేషన్‌కి ముందు చీకట్లో కనపడట్లేదని ఆయనే పూసుకున్నారు. పెరటిది ఊరికే తిప్పితే రాదమ్మా, తలుపు కాస్త పైకెత్తి పట్టుకుని తిప్పాలి, వానాకాలం అయితే ఇంకొంచెం ఎత్తాలి." ఒక చిన్న తాళంచెవి మాత్రం అప్పటికే గుత్తిలోంచి తీసేసి కొంగున ముడేసుకున్నారు. అది మెట్ల కింద ఆయన పనిముట్ల పెట్టెది. ఆ పెట్టె ఆయన ఉన్నన్నాళ్లూ ఆవిడ కూడా ముట్టుకోలేదు.

గుత్తి తీసుకుని కూడా ఆ అమ్మాయి ఏదో అడగాలని తటపటాయిస్తోంది.

"చెప్పమ్మా."

"గోడలకి మేకులు కొట్టొద్దన్నారని మీ అబ్బాయి గారు చెప్పారు మామ్మగారూ. పాపకి ఉయ్యాల కట్టుకోవాలి, ఎక్కడ కట్టుకోమంటారు?"

ఆవిడ మాట్లాడకుండా మధ్యగదిలోకి నడిచారు, వెనకే వాళ్లూ వెళ్లారు. ఫ్యాన్‌కి కాస్త అవతలగా, సున్నాలూ రంగులూ పొరలు పొరలుగా పట్టేసి ఒక బుడిపెలా ఉంది. స్లాబ్ పోసే రోజున మేస్త్రీ వద్దంటున్నా ఆయన దగ్గరుండి వేయించిన కొక్కెం అది. అప్పటికి ఆవిడకి ఏడో నెల. తర్వాత పిల్లాడు పెద్దవాడయ్యాడు, రంగులేసినవాడల్లా దాని మీద ఒక పూత పూసి పోయాడు, ఆవిడకే గుర్తు లేకుండా పోయిందనుకోండి.

"అది గీకితే చాలు, లోపల ఇనుము గట్టిదే. చీర కట్టే ముందు గట్టిగా లాగి చూసుకో బాబూ" అంటూ కొంగు ముడి విప్పబోయారు, వేళ్లు వణికి రాలేదు. ఆ అమ్మాయి పాపని భర్తకిచ్చేసి తనే విప్పింది.

"మెట్ల కింద పెట్టెలో ఉలి, సుత్తి, గరుకు కాగితం అన్నీ ఉంటాయి. పనయ్యాక ఎక్కడివక్కడ పెట్టేయాలి నాయనా, అటూ ఇటూ పడేస్తే ఆయనకి కోపం."

"అలాగే మామ్మగారూ" అని ఆ అబ్బాయి నిచ్చెన కోసం పెరట్లోకి వెళ్లాడు.