నా మూడో అధ్యాయంపై తీసుకున్న నిర్ణయాన్ని పునఃపరిశీలించమని అప్పీలు

హైదరాబాద్,
17 నవంబర్ 2025.

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి,
అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్,
విశ్వవిద్యాలయ పరిపాలనా భవనం.

విషయం: పీహెచ్‌డీ థీసిస్ మూడో అధ్యాయాన్ని ఏఐ రాసిందంటూ విభాగ ప్యానెల్ 3 నవంబర్ 2025న ఇచ్చిన ఉత్తర్వుపై అప్పీలు.

అయ్యా,

నేను చరిత్ర విభాగంలో 2021 నుంచి పీహెచ్‌డీ చేస్తున్నాను. నా అంశం పాలమూరు ప్రాంతపు చెరువులు, వాటి నీటి పంపకం. 62 పేజీల మూడో అధ్యాయాన్ని అక్టోబర్‌లో సమర్పించాను. డిటెక్టర్ సాఫ్ట్‌వేర్ అందులో 74 శాతం ఏఐ రాసినట్టు చూపించిందని, కాబట్టి అధ్యాయం మొత్తం తిరగరాయాలని, నా ఫైలులో హెచ్చరిక నమోదు చేస్తున్నామని విభాగం ఉత్తర్వు ఇచ్చింది. ఆ అధ్యాయంలో ప్రతి వాక్యం నేనే రాశాను. ఉత్తర్వును రద్దు చేయమని కోరుతున్నాను.

థీసిస్ ఇంగ్లిష్‌లో ఉన్నా ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. నేను ఆలోచించేది ఈ భాషలోనే. నా మీద వచ్చిన అనుమానానికి కూడా నా భాషే కారణమని నాకు అనిపిస్తోంది.

ముందుగా ఒక తేదీ మీ దృష్టికి తేవాలి. సాఫ్ట్‌వేర్ ఎర్రరంగు వేసిన భాగాల్లో 84 నుంచి 91 వరకు పేజీలు ఉన్నాయి. తైబందీ గురించిన చర్చ అంతా అక్కడే ఉంది. చెరువులో నీళ్లు తక్కువైన ఏడాది తాబీ అనే రెండో పంటకు ఆయకట్టులో ఎంత భూమి తడపాలో ఊరంతా కూర్చుని తేల్చుకునే పద్ధతి అది. ఈ ఎనిమిది పేజీలు 2022 ఫిబ్రవరిలో విభాగం సెమినార్‌లో నేను చదివిన పేపర్ నుంచి వచ్చాయి. వాక్యాలు దాదాపు అవే. ఆ పేపర్ కాపీ విభాగం ఆఫీసులో ఉంది, దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ ఉన్నాయి. చాట్‌జీపీటీ జనానికి అందుబాటులోకి వచ్చింది 30 నవంబర్ 2022న. అంటే తొమ్మిది నెలల ముందే నా చేత్తో రాసి, అందరి ముందు చదివిన వాక్యాలను ఈ సాఫ్ట్‌వేర్ యంత్రం రాసినవంటోంది. ఇక మిగతా పేజీల గురించి అది చెప్పే మాటను ఏ ఆధారంతో నమ్మాలి?

నన్ను ఎక్కువగా బాధపెట్టింది 97వ పేజీ. ఒక ఊళ్లో చెరువు నీళ్లు పంచే నీరటి, ఎనభై దాటిన తాత, నాతో తూము దగ్గర కూర్చుని మాట్లాడారు. తూము ఎప్పుడు తెరవాలి, మత్తడి దుంకే రోజున కట్ట మీద రాత్రంతా ఎవరు కాపలా ఉండాలి, చివరి మడికి నీళ్లు అందకపోతే ఊరు తనను ఏమనేది, అన్నీ చెప్పారు. ఆ మాటలు రికార్డు చేశాను, తెలుగులో రాసుకున్నాను, ఇంగ్లిష్‌లోకి నేనే మార్చాను. అనువాదానికి నాకు నాలుగు రోజులు పట్టింది, ఆయన మాటతీరు పోకూడదని. ఆ పేరా మొత్తం ఎర్రరంగులో ఉంది. ఆయన ఇప్పుడు లేరు. ఆయన గొంతు నా దగ్గర రికార్డింగులో ఉంది. ప్యానెల్ సభ్యులు ఒక్కసారి దాన్ని వింటూ ఆ పేజీ చదవమని వేడుకుంటున్నాను.

సాఫ్ట్‌వేర్ మనిషి రాసిందని ఒప్పుకున్న భాగాలు కూడా చూశాను. వాటిలో ఎక్కువ భాగం నేను ఉటంకించిన నిజాం కాలపు రెవెన్యూ నివేదికల ఇంగ్లిష్. నా సొంత వాక్యాలే యంత్రానివిగా కనిపించాయి. ఎందుకో నాకు అర్థమవుతోంది. ఇలాంటి డిటెక్టర్లు సాధారణంగా తర్వాత వచ్చే మాట ఎంత సులువుగా ఊహించగలం, వాక్యాలు ఎంత ఒకేతీరుగా ఉన్నాయి అని చూస్తాయి. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం. డిగ్రీలో ఇంగ్లిష్ వ్యాసాలు చదివి, తప్పు పోకుండా చిన్న చిన్న వాక్యాలు రాయడం నేర్చుకున్నాను. తెలిసిన మాటలే వాడతాను. జాగ్రత్తగా రాసే అలాంటి ఇంగ్లిష్ ఊహకు సులువుగా అందుతుంది.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లకు 91 టోఫెల్ వ్యాసాలు ఇచ్చి చూశారు. అవన్నీ ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసినవి. సగటున 61 శాతం వ్యాసాలను డిటెక్టర్లు ఏఐవిగా తప్పుపట్టాయి. అదే అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలను దాదాపు సరిగ్గానే గుర్తించాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ కూడా 2023 జనవరిలో సొంత డిటెక్టర్‌ను విడుదల చేసి, కచ్చితత్వం తక్కువగా ఉందని జూలైలో వెనక్కి తీసుకుంది. తయారుచేసినవాళ్లే నమ్మలేకపోయిన పనిని ఆధారంగా తీసుకుని నా నాలుగేళ్లకు పైబడిన శ్రమపై తీర్పు చెప్పడం న్యాయం కాదు.

యూజీసీ 2018 నిబంధనలు రచనా చౌర్యాన్ని ఇతరుల రచనలతో ఉన్న పోలిక శాతంతో కొలుస్తాయి. పది శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు. నా అధ్యాయంలో పోలిక 6 శాతం. పోలిక రిపోర్టు ఏ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో చూపిస్తుంది, రెండూ పక్కపక్కన పెట్టి ఎవరైనా తేల్చవచ్చు. డిటెక్టర్ అలా ఏ మూలాన్నీ చూపించదు. అంకె మాత్రమే ఇస్తుంది. దాన్ని ఖండించడానికి నా ఎదుట ఏ వాక్యమూ లేదు. పైగా విభాగ ప్యానెల్ నన్ను పిలిచి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సహజ న్యాయసూత్రాలు పాటించాలని అవే నిబంధనలు చెబుతున్నాయి.

నేను దాచేది ఏమీ లేదు. స్పెల్లింగ్ తప్పులు దిద్దడానికి వర్డ్‌లో ఉండే స్పెల్‌చెక్ వాడాను. ఆర్టికల్స్, కాలాలు మా గైడ్ గారు పెన్నుతో దిద్దారు. ఆ దిద్దిన కాగితాలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. అంతకుమించి ఎవరి సాయమూ, ఏ యంత్రం సాయమూ తీసుకోలేదు.

నా విన్నపం ఇది. ఉత్తర్వును రద్దు చేసి, ఫైలులో హెచ్చరికను తొలగించండి. అంతకు ముందు నా మీద నమ్మకం కుదరాలంటే మూడో అధ్యాయం మీద నాకు మౌఖిక పరీక్ష పెట్టండి. ఏ పేజీ తెరిచినా, ఏ వాక్యం ఎత్తినా, అది ఏ ఊళ్లో ఏ నోట్‌బుక్ నుంచి వచ్చిందో చెబుతాను. డిటెక్టర్ పూర్తి రిపోర్టు కాపీ కూడా ఇప్పించండి, నాకు ఇంతవరకు చూపించడమే తప్ప కాపీ ఇవ్వలేదు. థీసిస్ సమర్పించే గడువు 2026 మార్చి. అధ్యాయం తిరగరాస్తే ఆ గడువు దాటిపోతుంది. ఈ టెన్షన్‌లో రెండు వారాలుగా నాలుగో అధ్యాయం ఒక్క పేజీ ముందుకు కదల్లేదు. కాబట్టి ఈ అప్పీలు తేలేదాకా ఉత్తర్వు అమలును ఆపమని కోరుతున్నాను.

దీనితో 2022 సెమినార్ పేపర్ కాపీ, గైడ్ గారు దిద్దిన 38 పేజీలు, నాలుగు ఫీల్డ్ నోట్‌బుక్కుల జిరాక్సులు, తేదీలతో ఉన్న 19 డ్రాఫ్టుల ఫైళ్లు, 31 ఇంటర్వ్యూల రికార్డింగులు ఉన్న పెన్‌డ్రైవ్ జతపరిచాను. అసలు నోట్‌బుక్కులు మీరు పిలిచిన రోజు నేనే తెస్తాను. ఏ రోజైనా, ఏ సమయమైనా వస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
కె. సరిత,
పీహెచ్‌డీ పరిశోధకురాలు,
చరిత్ర విభాగం.