తండ్రి కోసం వెతుకులాటా, తనలోకి చూపా: ప్రక్షేపణ సిద్ధాంతాలు, మతానుభవ పరిశోధనలు
(బి.ఏ. తత్వశాస్త్రం, మత మనస్తత్వశాస్త్రం పేపరుకు రాసిన వ్యాసం, చెన్నై)

1896లో మదురైలో, తండ్రి సోదరుడి ఇంటి మేడగదిలో ఒంటరిగా కూర్చున్న పదహారేళ్ల వెంకటరామన్‌ను ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. ఒంట్లో జబ్బేమీ లేదు. అతను శవంలా బిగుసుకుని పడుకుని, ‘పోయేది ఈ శరీరం, మరి నేనెవరు?’ అని లోపలికి చూసుకున్నాడు. కొన్ని వారాలకే ఇల్లు విడిచి తిరువణ్ణామలై చేరాడు. వెళ్తూ రాసిపెట్టిన చీటీలో, తన తండ్రిని వెతుక్కుంటూ ఆయన ఆజ్ఞ ప్రకారమే బయలుదేరానని ఉంది. కన్నతండ్రి అప్పటికి నాలుగేళ్ల కిందటే, 1892లో పోయాడు. రమణ మహర్షి జీవితంలోని ఈ ఘట్టాన్ని ఫ్రాయిడ్ శిష్యుడి చేతికిస్తే చీటీ కింద గీత గీస్తాడు. మతానుభవాలను పరిశీలించిన అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ శిష్యుడైతే మేడగది కింద గీస్తాడు. ఒకరు దేవుడికి ఆ రూపం ఎక్కడిదని అడుగుతారు. రెండోవారు ఆ మనిషికి ఏం జరిగింది, తర్వాత అతనేమయ్యాడు అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలనూ ఒకే ప్రశ్నగా తీసుకుంటే పోలిక దారి తప్పుతుంది.

ప్రక్షేపణ వాదానికి పునాది వేసింది జర్మన్ తత్వవేత్త ఫోయర్‌బాఖ్. మనిషి తనలోని ప్రేమకూ తెలివికీ శక్తికీ హద్దులు చెరిపేసి, వాటిని బయట నిలబెట్టి, ఆ బొమ్మకే మొక్కుతున్నాడని 1841లో రాశాడు. ఇది తాత్విక వాదన. మనసులో ఆ పని ఎలా జరుగుతుందో ఆయన పెద్దగా చెప్పలేదు. ఆ లోటు పూడ్చింది ఫ్రాయిడ్. 1907లో పూజావిధులను అబ్సెసివ్ రోగుల చేష్టలతో పోల్చాడు. 1913లో ఆదిమ కాలంలో కొడుకులు ఏకమై తండ్రిని చంపారని, ఆ అపరాధభావంలోంచే మతం పుట్టిందనే ఊహను ముందుకు తెచ్చాడు. 1927లో అసలు వాదన చేశాడు: ప్రకృతి ముందూ చావు ముందూ పెద్దవాడు కూడా పసివాడిలా నిస్సహాయుడే, అందుకే చిన్నప్పుడు కాపాడిన తండ్రిని ఆకాశమంత చేసుకుంటాడు. ఇక్కడ విద్యార్థులు తరచూ పొరబడతారు. ఫ్రాయిడ్ మతాన్ని ‘భ్రమ’ అన్నది కోరికలోంచి పుట్టిన నమ్మకం అనే అర్థంలోనే. కోరికలోంచి పుట్టింది కాబట్టి అబద్ధమని తేలిపోదని ఆయనే ఒప్పుకున్నాడు. దేవుడు లేడని ఫ్రాయిడ్ నిరూపించాడని జవాబు పత్రంలో రాస్తే మార్కులు పోవడం న్యాయమే.

ఈ వాదన చెన్నైలో మొదట తడబడేది అమ్మవారి గుడి ముందు. ఆడి మాసంలో మైలాపూర్ ముండకకణ్ణి అమ్మన్‌కు పొంగళ్లు పెట్టే వీధిలో తండ్రి దేవుడెక్కడ? ఇది మనం ఇప్పుడు కొత్తగా అడుగుతున్న ప్రశ్నేమీ కాదు. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్, తల్లి మీది ఆకర్షణా తండ్రితో పోటీ కలిసిన ఈడిపస్ చిక్కుముడి తన రోగుల్లో యూరప్‌లోలా లేదని ఫ్రాయిడ్‌కే ఉత్తరాలు రాశాడు. మనోవిశ్లేషణలోనే పనిచేసిన అనా మరియా రిజూటో 1979లో, దేవుడి బొమ్మ తల్లినుంచీ తండ్రినుంచీ ఇతర ఆప్తులనుంచీ కూడా తయారవుతుందని, వయసుతో పాటు మారుతుందని చూపింది. అంటే ప్రక్షేపణ అనే ఆలోచన నిలిచింది, తండ్రి ఒక్కడే మూలమన్న పట్టు సడలింది.

అంతకంటే పెద్ద చిక్కు ఈ సిద్ధాంతం దేనికీ లొంగకపోవడం. తండ్రి మీద ప్రేమ ఉంటే దేవుడి మీద భక్తి అంటారు. ద్వేషముంటే అపరాధభావం వల్ల భక్తి అంటారు. ఏం జరిగితే సిద్ధాంతం తప్పవుతుందో చెప్పరు. పాల్ విట్జ్ 1999లో ఇదే కత్తిని అటు తిప్పాడు: ప్రసిద్ధ నాస్తికుల్లో చాలామందికి తండ్రి లేకపోవడమో, బలహీనుడో క్రూరుడో కావడమో చూపించి, నాస్తికత్వమే ప్రక్షేపణ అన్నాడు. రెండు వైపులా తెగే వాదనతో ఎవరూ గెలవరు.

మతానుభవ పరిశోధకుల దారి వేరు. ఎడ్విన్ స్టార్‌బక్ ప్రశ్నావళులు పంపి పరివర్తన కథనాలు, అంటే మనుషులు మతవిశ్వాసంలోకి మారిన తీరు చెప్పిన కథనాలు, సేకరించి 1899లో పుస్తకం వేశాడు. పరివర్తన ఎక్కువగా కౌమారంలో జరుగుతుందన్నది ఆయన ముఖ్య ఫలితం. ఆయన పోగుచేసిన కథనాలనే జేమ్స్ ఎడిన్‌బరో ఉపన్యాసాల్లో వాడుకున్నాడు. అవి 1902లో పుస్తకంగా వచ్చాయి. మార్మిక అనుభవానికి ఆయన నాలుగు గుర్తులు చెప్పాడు: మాటలకు అందకపోవడం, ఏదో తెలిసిందన్న నిశ్చయం, కొద్దిసేపే నిలవడం, తనను ఏదో పట్టుకున్నట్టు అనిపించడం. సెయింట్ పాల్ దర్శనం మూర్ఛరోగం అని కొట్టిపారేసేవారికి జేమ్స్ జవాబు పదునైనది: నాస్తికుడి ఆలోచనకూ దేహమే ఆధారం, కాబట్టి పుట్టుకను బట్టి కాక ఫలాన్ని బట్టి విలువ కట్టాలి.

అయితే ఇక్కడి సాక్ష్యానికీ లోపముంది. స్టార్‌బక్‌కు జవాబిచ్చినవారిలో ఎక్కువమంది అమెరికన్ ప్రొటెస్టెంట్లు. కౌమారంలో మారడం వాళ్ల సంఘాల్లో ఎదురుచూసే విషయమే. చెన్నైలోని తెలుగు చర్చిల్లో ‘సాక్ష్యం’ విన్నవారికి ఇది వెంటనే తడుతుంది: పాపపు రోజులు, కుంగుబాటు, ఒక రాత్రి, వెలుగు. కొత్తగా వచ్చినవారు ఈ వరుసను వారం వారం విని నేర్చుకుంటారు, తర్వాత తమ గతాన్ని అదే వరుసలో గుర్తుచేసుకుంటారు. అబద్ధమాడుతున్నారని కాదు, జ్ఞాపకం అలా పనిచేస్తుంది. 1965లో లాఫ్‌లాండ్, స్టార్క్ మరో సంగతి చూపారు: కొత్త మతంలోకి వెళ్లేవారిని లాగేది సిద్ధాంతం కంటే ముందు లోపలివారితో ఏర్పడిన స్నేహం. ఒంటరిగా ఉన్న మనిషి అనుభవమే మతమన్న జేమ్స్ నిర్వచనానికి ఇది గట్టి దెబ్బ.

రెండు దారులూ కలిసేది పరివర్తన దగ్గరే. శవపరీక్ష బల్ల మీద ఒక వృద్ధురాలి ముఖం చూసి విశ్వాసం పోగొట్టుకుని, కొద్దిరోజుల్లో మళ్లీ పొందానని ఒక అమెరికన్ డాక్టర్ ఫ్రాయిడ్‌కు రాశాడు. ఫ్రాయిడ్ 1928లో దాన్ని తల్లి మీది మమత, తండ్రి మీది తిరుగుబాటు, చివరికి లొంగుబాటుగా చదివాడు. ఒక్క ఉత్తరం మీద కట్టిన మేడ అది. కానీ అందులో పరీక్షకు నిలబెట్టగల ముక్క ఉంది. 1982లో చానా ఉల్‌మన్ పరివర్తన పొందినవారిని, పొందనివారిని పక్కపక్కన పెట్టి ప్రశ్నించింది. మొదటివారిలో తండ్రితో చెడిన సంబంధాలు, దుఃఖభరితమైన బాల్యం స్పష్టంగా ఎక్కువ కనిపించాయి. 1990లో కిర్క్‌పాట్రిక్, షేవర్, పసితనంలో తల్లిదండ్రులతో ఏర్పడిన బంధమే తర్వాతి బంధాలను మలుస్తుందనే అనుబంధ సిద్ధాంతంతో చూస్తే, తల్లి దూరంగా పెట్టిన పిల్లల్లో హఠాత్ పరివర్తన ఎక్కువని తేలింది. ఫ్రాయిడ్‌ను కాపాడింది ఆయన శిష్యులు కాదు, పోలిక బృందం పెట్టుకుని లెక్క వేసినవాళ్లు.

మరి వెంకటరామన్ చీటీ? అది అప్పటికప్పుడు రాసినది. మేడగది వృత్తాంతం చాలా ఏళ్లకు జీవితచరిత్రకారులకు చెప్పినది. సాక్ష్యం బలాన్ని చూస్తే ఫ్రాయిడ్ వైపే మొగ్గుతుంది. అయితే అతను అప్పటికే పెరియ పురాణం చదివాడు. శివుణ్ణి తండ్రీ అని పిలవడం తమిళ శైవంలో రోజువారీ మాట. ఆ ‘తండ్రి’ పోయిన నాన్న నీడా, లేక చదువుకున్న సంప్రదాయం ఇచ్చిన పిలుపా అన్నది చీటీ ఒక్కదాన్నే పట్టుకుని తేల్చలేం. తేల్చాలంటే మార్పుకు ముందే మనుషులను ప్రశ్నించి, మారనివారిని కూడా చివరిదాకా వెంబడించాలి. 1984లో ఐలీన్ బార్కర్, కొరియాలో పుట్టిన కొత్త మత ఉద్యమం యూనిఫికేషన్ చర్చి శిబిరాల మీద వేసిన పుస్తకం ఆ దిశగా ఒక అడుగు: వచ్చినవారిలో అత్యధికులు చేరకుండానే వెళ్లిపోయారని ఆమె లెక్కల్లో బయటపడింది. చేరినవారి కథలు మాత్రమే విన్నంత కాలం ఏ సిద్ధాంతమైనా నిజంలాగే కనిపిస్తుంది.