పంపాలా, ఆగాలా: నీ డ్రాఫ్ట్‌కి అక్క రాసిన చెక్‌లిస్ట్

తమ్ముడూ, బొమ్మల క్లాసులో నీకు నచ్చిన అమ్మాయికి పంపాలని రెండు రోజులుగా నువ్వు తిప్పి తిప్పి రాస్తున్న మెసేజ్ చదివాను. అందులో మంచి విషయం ఉంది, దాని మీద చాలా భయం పేరుకుని ఉంది. భయం తీసేసి ఇష్టాన్ని ఉంచడానికే ఈ చెక్‌లిస్ట్. డ్రాఫ్ట్ పక్కన పెట్టుకుని, ఒక్కో ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పుకుంటూ రా. ★ ఉన్న మూడింటిలో ఏ ఒక్కదానికి "కాదు" వచ్చినా పంపకు. మిగతావాటికి "కాదు" వస్తే ఆ ముక్క దిద్దుకుని ముందుకి వెళ్ళు, అంతే.

ఇప్పుడున్న డ్రాఫ్ట్ ఇది:

"హాయ్ అండి, ఎలా ఉన్నారు? డిస్టర్బ్ చేస్తున్నానా? సారీ. ఆదివారం క్లాసులో నువ్వు వేసిన ముసలాయన చేతుల బొమ్మ ఇంకా కళ్ళ ముందే ఉంది. నీ నవ్వు కూడా హహ. ఊరికే అన్నా, సీరియస్‌గా తీసుకోకండి. టైమ్ ఉంటే, ఇష్టమైతే, ఎప్పుడైనా కలిసి బొమ్మలు వేద్దామా అని. వద్దన్నా పర్లేదు, నాకు అలవాటే. రిప్లై ఇవ్వకపోయినా ఏమీ అనుకోను 🙈🙈😅"

☐ ★ తన నంబరు తనే ఇచ్చిందా? నాతో మాట్లాడటం తనకి ఇష్టమేనని కనీసం ఒక గుర్తయినా ఉందా?

క్లాసు గ్రూపులోంచి నంబరు తీసుకుని నేరుగా ఇలాంటి మెసేజ్ పెట్టడం వేరు, తను ఇచ్చిన నంబరుకి పెట్టడం వేరు. నీ విషయంలో నంబరు తనే ఇచ్చింది. బుధవారం తన కొత్త పెన్సిళ్ళ ఫోటో కూడా నువ్వు అడగకుండానే పంపింది. దానర్థం ప్రేమ అని కాదు. నీతో మాట్లాడటం తనకి బరువుగా లేదని మాత్రం అర్థం. ఈ మెసేజ్‌కి అది చాలు. టిక్ పెట్టుకో.

☐ మొదటి మాట నుంచి చివరి మాట వరకు పిలుపు ఒక్కటేనా?

నీ డ్రాఫ్ట్‌లో "ఉన్నారు", "నువ్వు", "నీ నవ్వు", "తీసుకోకండి" అన్నీ కలిసిపోయాయి. మన భాషలో ఇది చిన్న విషయం కాదు. మీరు నుంచి నువ్వుకి రావడమంటే ఒక అడుగు దగ్గరికి రావడం. నువ్వు ఆ అడుగు వేస్తావు, భయపడి వెనక్కి వెళ్తావు, మళ్ళీ వేస్తావు. చదివేవాళ్ళకి నీ తడబాటే కనబడుతుంది, నీ మాట వినబడదు. ఏది వాడాలో తేల్చుకునే పద్ధతి ఒక్కటే: క్లాసులో తను నిన్ను ఏమని పిలుస్తోంది? పోయిన ఆదివారం "నువ్వు ఆ నీడ భలే వేశావ్" అందని నువ్వే చెప్పావు కదా. అయితే నువ్వు అనే రాయి, అండి తీసెయ్. ఒకవేళ తను ఇంకా మీరు అంటూ ఉంటే మాత్రం నేను నిన్ను మీరులోనే ఉండమనేదాన్ని. "మీరు" అంటూనే చనువుగా మాట్లాడటంలో ఒక అందం ఉంది, తొందరపడి దాన్ని పోగొట్టుకోనక్కర్లేదు. "రా", "ఏయ్" లాంటివి ఇప్పుడే వద్దు. అవి తన నోటి నుంచి ముందు రానీ.

☐ ఈ మెసేజ్ ఇంకెవరికైనా పంపగలనా? (ఇక్కడ "లేదు" అన్నదే సరైన జవాబు.)

"హాయ్, ఎలా ఉన్నారు" ఎవరికైనా పంపొచ్చు. ముసలాయన చేతుల బొమ్మ గురించి తనకి తప్ప ఇంకెవరికీ పంపలేవు. కాబట్టి మెసేజ్ ఆ బొమ్మతోనే మొదలవ్వాలి. దాని ముందున్న మూడు వాక్యాలూ కొట్టెయ్.

☐ నేను మెచ్చుకున్నది తను చేసినదాన్నా, తన రూపాన్నా?

బొమ్మ గురించి అన్నావు, చాలా బాగుంది. అది తను కష్టపడి వేసింది. నవ్వు గురించి కూడా అనొచ్చు, కానీ ఏ నవ్వో చెప్పు. "నీ నవ్వు" అని ఊరుకుంటే అందరూ అనే మాట. బొగ్గు నీ నుదుటికి అంటుకున్నప్పుడు తను నవ్విన నవ్వంటే మీ ఇద్దరిదీ. ఒళ్ళు, రంగు, బట్టలు వీటి జోలికి ఈ మెసేజ్‌లో అసలు వెళ్ళకు. వెళ్ళలేదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నా.

☐ ★ నన్ను ఓదార్చే పని తన మీద పెట్టానా? (పెట్టలేదు అని గట్టిగా చెప్పగలిగితేనే టిక్.)

ఇక్కడ కాసేపు ఆగు, ఎందుకంటే నీ డ్రాఫ్ట్‌కి అసలు జబ్బు ఇదే. సారీ, ఊరికే, సీరియస్‌గా తీసుకోకండి, పర్లేదు, నాకు అలవాటే, ఏమీ అనుకోను. ఆరు సార్లు దెబ్బ కాచుకున్నావు. ఇవన్నీ వినయం అనుకుంటున్నావు, నాకు తెలుసు. తన వైపు నుంచి చదివి చూడు. "నాకు అలవాటే" అనగానే, తను వద్దంటే నిన్ను బాధపెట్టినవాళ్ళ వరసలో చేరిపోతుంది. ఇష్టం లేకపోయినా జాలితో సరే అనొచ్చు. అలాంటి సరే నీకు వద్దు కదా.

నాకు చాలా ఏళ్ళ క్రితం ఇలాంటి మెసేజ్ ఒకటి వచ్చింది. మంచి మనిషే. మూడు సారీలు, రెండు పర్లేదులు. నా జవాబంతా అతనికి ధైర్యం చెప్పడంతోనే అయిపోయింది. నాకు అతనంటే ఇష్టమా కాదా అని ఆలోచించుకునే చోటే మిగల్లేదు. అది ఇప్పటికీ గుర్తుంది, అందుకే నీకు ఇంత పొడుగ్గా చెబుతున్నా.

ఇక "ఊరికే అన్నా". నవ్వు బాగుందని చెప్పి, వెంటనే ఊరికే అన్నానంటే, ఇచ్చిన పువ్వు చేతిలోంచి లాక్కున్నట్టు. అన్నావా, అన్నట్టే ఉంచు. ఆ ఆరు మాటలూ తీసేసి మళ్ళీ చదువు. ధైర్యంగా కనిపిస్తోంది కదా? నువ్వు కొత్తగా ధైర్యం తెచ్చిపెట్టుకోలేదు, అడ్డొచ్చినవి తీశావంతే.

☐ గొంతు లేకపోయినా మాట అలాగే వినబడుతుందా?

నువ్వు రాసేటప్పుడు నీ చెవిలో నీ గొంతు, నీ నవ్వు ఉంటాయి. అవి తనకి వెళ్ళవు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలూ వాళ్ళ సహచరులూ 2005లో ప్రచురించిన పరిశోధనలో ఇదే తేలింది: ఈమెయిల్‌లో తాము వెటకారంగా అన్నామో, మామూలుగా అన్నామో అవతలివాళ్ళకి తెలిసిపోతుందని రాసినవాళ్ళు అనుకున్నారు, నిజానికి చదివినవాళ్ళు పట్టుకోగలిగింది అంతకంటే బాగా తక్కువ. కాబట్టి డ్రాఫ్ట్‌ని వార్తలు చదివినట్టు ఏ భావమూ లేకుండా ఒకసారి పైకి చదువు. అలా చదివినా మంచిగానే ఉంటే నిలుస్తుంది. "నీ నవ్వు కూడా హహ" అలా చదివితే వెక్కిరింపులా ఉంది. హహ తీసెయ్. కోతిబొమ్మలు కూడా. కళ్ళు మూసుకున్న కోతి అంటే మళ్ళీ దాక్కోవడమే. ఒక్క మామూలు చిరునవ్వు కావాలంటే ఉంచుకో, లేకపోయినా లోటు లేదు.

☐ తెలుగు లిపిలో ఉందా?

ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే "కళ్ళ ముందే" అన్నది "కాళ్ళ ముందే" అని కూడా చదువుకోవచ్చు. మీరిద్దరూ మామూలుగా ఎలా కొట్టుకుంటారో అలాగే ఉండనీ, కానీ ఈ ఒక్క వాక్యం కోసమైనా తెలుగులో కొట్టు.

☐ ★ ఒక్కటే ప్రశ్న ఉందా? దానికి అవునని, కాదని రెండూ తేలిగ్గా చెప్పొచ్చా?

"టైమ్ ఉంటే, ఇష్టమైతే, ఎప్పుడైనా" అనేది మర్యాదగా అనిపిస్తుంది కానీ పని మొత్తం తన మీద పడుతుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అన్నీ తనే తేల్చాలి. పైగా "వేద్దామా అని" దగ్గర వాక్యం సగంలో వదిలేశావు. రోజు చెప్పు, చోటు చెప్పు. శనివారం సాయంత్రం, పార్కులో, ఒక గంట. రోజు చెబితే వద్దనడం కూడా తేలికవుతుంది: "ఆ రోజు కుదరదు" అంటే చాలు, నీ మనసు విరిచినట్టు ఉండదు. తనకి రావాలని ఉంటే "ఆదివారం అయితే?" అని తనే అంటుంది. అనకపోతే జవాబు అదే, రెండోసారి అడగొద్దు.

నువ్వు ఒక్కడివే ఏదో ఒక పని చేయబోతున్నావు, తనూ కలవచ్చు, అన్నట్టు అడగడం నాకు బాగా నచ్చుతుంది. తను రాకపోయినా నువ్వు వెళ్ళి బొమ్మలు వేసుకుంటావు కదా? నిజంగా వెళ్తేనే అలా రాయి.

☐ తన మెసేజ్‌ల పొడవుకి దగ్గరగా ఉందా?

తను రెండు మూడు లైన్లు రాస్తుంది. నువ్వూ అంతే.

☐ తన స్నేహితురాలికి చూపించినా నాకు సిగ్గుపడేదేమీ లేదుగా?

చూపిస్తుంది అనుకునే రాయి. చూపించడం తప్పు కూడా కాదు.

☐ ఇప్పుడు నా పరిస్థితి పంపేలా ఉందా?

రాత్రి పదకొండు దాటితే రేపటికి ఉంచు. ఎవరితోనైనా గొడవపడి వచ్చి ఉంటే కూడా. టెన్షన్ పూర్తిగా పోయేదాకా ఆగమని మాత్రం అనను, అది పోదు. గుండె కొట్టుకుంటూ ఉన్నా వేలు వణక్కపోతే చాలు.

☐ జవాబు రాకపోతే ఏం చేస్తానో ముందే అనుకున్నానా?

వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల లోపు దిద్దవచ్చు, కానీ దిద్దినట్టు పక్కన కనబడుతుంది. అందరికీ డిలీట్ చేసినా, డిలీట్ చేశారన్న గుర్తు మిగులుతుంది. చెరిపేసిన మెసేజ్ ఉన్న మెసేజ్ కంటే ఎక్కువ కంగారు పెడుతుంది. అందుకని అక్షరం తప్పుపోతే దిద్దు, భయమేసి మాత్రం చెరపకు. నీలం టిక్కులు రాలేదని చదవలేదనుకోకు, చాలామంది అది ఆఫ్ చేసి పెట్టుకుంటారు. "చూశావా?" అని రెండో మెసేజ్ పెట్టకు. ఆదివారం క్లాసులో కనబడితే మామూలుగా పలకరించు, పెన్సిల్ కావాలంటే అడుగు. మెసేజ్ సంగతి తను ఎత్తితేనే ఎత్తు.

ఇవన్నీ దిద్దాక నీ మాటలతోనే మిగిలింది ఇది. ఒకటి రెండు చోట్ల తప్ప నేనేమీ కలపలేదు:

"ఆదివారం నువ్వు వేసిన ముసలాయన చేతుల బొమ్మ ఇంకా కళ్ళ ముందే ఉంది. బొగ్గు నా నుదుటికి అంటుకుంటే నువ్వు నవ్విన నవ్వు కూడా. శనివారం సాయంత్రం ఒక గంట పార్కులో బొమ్మలు వేసుకుందామని వెళ్తున్నా. నువ్వూ వస్తావా?"

ఇంకోసారి పైకి చదువు. మూడు ★లూ టిక్ అయ్యాయి. ఇప్పుడు టైమ్ సాయంత్రం ఆరున్నర. పంపేసి, ఫోన్ నా గదిలో పెట్టి వెళ్ళు. మోగితే పిలుస్తాను.