తమ్ముడికి వారం భోజన పట్టిక (డిసెంబరు మొదటి వారం నుంచి)

తమ్ముడూ, కొలెస్ట్రాల్ రిపోర్టు చూశాను. టోటల్ 228, ఎల్‌డీఎల్ 152, హెచ్‌డీఎల్ 42, ట్రైగ్లిజరైడ్స్ 170. షుగరు, థైరాయిడ్ బాగానే ఉన్నాయి. ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, వందలోపు ఉండాలని, మూడు నెలలు తిండి మార్చి మళ్లీ టెస్టు చేయించమని డాక్టరు చెప్పారన్నావు. ఆ మూడు నెలలకే ఈ పట్టిక. మరదలికి కూడా చూపించు, వంట ఇద్దరూ చేస్తారు కాబట్టి.

"గుడ్డు కూడా ముట్టని నాకు కొలెస్ట్రాల్ ఏంటక్కా?" అన్నావు. అది చాలావరకు మన కాలేయంలోనే తయారవుతుంది. నెయ్యి, వెన్న, వనస్పతి, పామాయిలు, కొబ్బరినూనె ఎక్కువగా తింటే, రక్తంలోని ఎల్‌డీఎల్‌ని వెనక్కి లాక్కునే పనిలో కాలేయం మందగిస్తుంది. ఇవన్నీ శాకాహారమే కదా!

నువ్వు వారం పాటు రాసి పంపిన చిట్టా రెండుసార్లు చదివాను. ఇంటి అన్నం పప్పులో పెద్ద దోషం లేదు. సాయంత్రం నాలుగింటికి ఆఫీసు కింద బేకరీలో పఫ్, వారంలో మూడు రోజులు. తిన్నాక ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూడు, అవతలివి కనిపిస్తాయి. వెన్న వేసి కాల్చే బెణ్ణె దోసె రెండుసార్లు. ఇక అమ్మ హిందూపురం నుంచి పంపిన నెయ్యి. "ఒక స్పూనే" అంటావు, అది గరిటెకు తమ్ముడు లాంటి స్పూను. చిన్న టీస్పూను నెయ్యిలోనే దాదాపు 3 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటుంది. రోజు మొత్తానికి 13 గ్రాములు దాటకూడదు అనుకుని, పాలు, నూనెల లెక్క కూడా అందులోనే చూసుకో.

ముందు రోజూ ఉండేవి చెప్తాను. ఉదయం నానబెట్టిన బాదం పది, అక్రోటు రెండు. కాఫీ రెండు సార్లే, డబుల్ టోన్డ్ పాలతో. కాఫీ గింజలోని కొవ్వు పదార్థం ఒకటి ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది. పేపరు ఫిల్టరు దాన్ని ఆపుతుంది, మన స్టీలు ఫిల్టరు అంతగా ఆపదు. అందుకే నాలుగు గ్లాసులు వద్దంటున్నాను. పెరుగు, మజ్జిగ కూడా ఆ పాలతోనే. నూనె నెలకి మనిషికి అర లీటరు. చెనిక్కాయ నూనె, సన్‌ఫ్లవర్, రైస్‌బ్రాన్, ఏదైనా పర్వాలేదు. ఒకసారి కాచిన నూనెతో మళ్లీ వేపుడు చేయొద్దు. రాత్రి భోజనానికి ముందు ఒక టీస్పూను ఇసబ్గోల్, పెద్ద గ్లాసు నీళ్లతో. మొదటి వారం కడుపు ఉబ్బరంగా ఉంటే అర స్పూనుకి తగ్గించు. వేరే మాత్రలు ఏవైనా వేసుకుంటే, వాటికీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచు.

ఆదివారం రాత్రి అలసందలు, రాజ్మా, శనగలు విడివిడిగా నానబెట్టు. సోమవారం పొద్దున కుక్కర్లో ఉడికించి డబ్బాల్లో సర్దితే, ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి. మిగిలింది ఫ్రీజర్లో పెట్టు. ఇది చేయకపోతే బుధవారానికే ఈ పట్టిక అటకెక్కుతుంది, నీ సంగతి నాకు తెలుసు.

సోమవారం
పొద్దున ఓట్స్ ఉప్మా. ఓట్స్ 40 గ్రాములు, అంటే అర కప్పు, బీన్స్, క్యారెట్ వేసి ఒక టీస్పూను నూనెతో. మసాలా ప్యాకెట్ ఓట్స్ వద్దు, వాటిలో ఉప్పెక్కువ. మధ్యాహ్నం డబ్బాలోకి ఒకటిన్నర కప్పు అన్నం, తోటకూర పప్పు, బెండకాయ కూర, మజ్జిగ. నాలుగింటికి ఉడికించిన శనగలు, పైన ఉల్లిపాయ, నిమ్మరసం. రాత్రి రెండు జొన్న రొట్టెలు, వంకాయ కూర. ఓట్స్, బెండ, వంకాయ, పప్పు ధాన్యాలు ఊరికే ఏరలేదు. వాటిలోని జిగురు పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. కొత్త పైత్యరసం కోసం కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ని వాడుకోక తప్పదు.

మంగళవారం
ఇంట్లో కుదరదన్నావు కదా, దర్శిని హోటల్లో మూడు ఇడ్లీ సాంబారు. వడ వద్దు, కొబ్బరి చట్నీ ఒక స్పూను చాలు. ఖారాబాత్ కేసరిబాత్ జంటలో నెయ్యే సగం, అటు చూడకు. మధ్యాహ్నం క్యాంటీన్లో వెన్న రాయని రెండు పుల్కాలు, పప్పు, కూర, పెరుగు. పనీర్ బటర్ మసాలా గిన్నె దాటి ముందుకెళ్లు. నాలుగింటికి జామకాయ. రాత్రి రాగి సంగటి, అలసందల పులుసు. బెంగళూరులో ఉంటూ ముద్దె తినకపోతే ఎట్లా?

బుధవారం
పెసరట్టు రెండు, నెయ్యి లేకుండా, అల్లం పచ్చడితో. మధ్యాహ్నానికి బార్లీ బిసిబేళెబాత్. బియ్యం బదులు బార్లీ, రాత్రంతా నానబెట్టి, కందిపప్పు, కూరగాయలతో కుక్కర్లో పెట్టు. మెత్తబడకపోతే ఇంకో రెండు విజిల్స్. చివర్లో నెయ్యి, వేయించిన జీడిపప్పు వేయొద్దు, పొడి వాసనే చాలు. నేను చేసినప్పుడు మీ బావ బార్లీ అని పసిగట్టలేదు, బియ్యం పాతవా అన్నారు. నాలుగింటికి నారింజ. రాత్రి రెండు చపాతీలు, మీల్‌మేకర్ కూర (పొడిగా తూచి 30 గ్రాములు).

గురువారం
ఇంటి నుంచి పని కాబట్టి ఉగ్గాని చేసుకో, బొరుగుల్లో మొలకెత్తిన పెసలు కలిపి, రెండు టీస్పూన్ల నూనె మించకుండా. బజ్జీ కోసం మరదల్ని సతాయించకు. మధ్యాహ్నం రాజ్మా, అన్నం, కీరా. సాయంత్రం ఆపిల్. రాత్రి రెండు పుల్కాలు, సొరకాయ పప్పు.

శుక్రవారం
టీమ్ లంచ్ రోజు. పొద్దున తేలిగ్గా, ఓట్స్ గంజిలో మజ్జిగ కలిపి తాగు. హోటల్లో ముందు సలాడ్ తిను. తర్వాత వెన్న లేని తందూరి రోటీ, పప్పు, పొడి కూర. దాల్ మఖనీ, మలై కోఫ్తా, నాన్ వద్దు. కూల్‌డ్రింకులు, గులాబ్‌జామున్ కూడా ట్రైగ్లిజరైడ్స్ దృష్ట్యా వద్దు. రాత్రి మిగిలిన కూరగాయలతో సూపు, ఒక రొట్టె.

శనివారం
బెణ్ణె దోసె నెలకొక్కటి, అది నాలుగో శనివారం. మిగతా శనివారాలు ఇంట్లో రాగి దోసె, పుట్నాల చట్నీ. ఇప్పుడు అనపకాయల కాలం, మధ్యాహ్నానికి అనపగింజల పులుసు, అన్నం. ఒక కిలో కాయలు ఒలిస్తే ఇద్దరికీ సరిపోతుంది, ఒలిచేది నువ్వే. రాత్రి జొన్న రొట్టె, ఆకుకూర.

ఆదివారం
ముద్దపప్పు, గుత్తివంకాయ, బెండకాయ పులుసు. గుత్తివంకాయలో చెనిక్కాయలు, నువ్వులు ఉండనీ, నూనె మాత్రం పైన తేలకూడదు. నెయ్యి ఈ పూటకే, ఒక టీస్పూను, అమ్మ గిన్నెతో కాకుండా కొలిచి. రాత్రి ఉప్మా లేదా పెరుగన్నం.

సంక్రాంతికి ఊరొస్తావు. అరిసె రోజుకొకటే, రెండు రోజులు మాత్రమే. అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు "అక్క వద్దంది" అని నా మీద తోసెయ్.

ఇంత చేసినా 152 నుంచి 125, 130 దాకా దిగొచ్చు. వందలోపు రాకపోతే డాక్టరు మాత్ర రాస్తారు, అప్పుడు టెన్షన్ పడి మానేయకు. మార్చి మొదటి వారంలో టెస్టు. పన్నెండు గంటలు ఏమీ తినకుండా, నీళ్లు మాత్రమే తాగి, అదే ల్యాబుకి వెళ్లు.

ఈ శనివారం తెచ్చుకోవాల్సినవి: ఓట్స్ అర కిలో, బార్లీ అర కిలో, అలసందలు, రాజ్మా, నల్ల శనగలు తలా పావు కిలో, మీల్‌మేకర్ 200 గ్రాములు, బాదం పావు, అక్రోటు వంద గ్రాములు, ఇసబ్గోల్ చిన్న డబ్బా, టీస్పూను కొలత ఒకటి. ఆ పెద్ద స్పూను అల్మారాలో పెట్టెయ్.