ఈఏపీసెట్ వారం: చెల్లికి దినచర్య (బుధవారం ఉదయం సెషన్, కాకినాడ)

చెల్లీ, పరీక్ష 9 గంటలకి. 9 దాటి ఒక్క నిమిషమైనా లోపలికి రానివ్వరు. ముమ్మిడివరంలో 5:15 బస్సు ఎక్కాలి కాబట్టి బుధవారం 4:15కి లేవాలి. ఇప్పుడు నువ్వు రాత్రి పన్నెండింటికి పడుకుని ఏడింటికి లేస్తున్నావు. ఒక్క రాత్రిలో అది మారదు, అందుకే గురువారం నుంచే మొదలుపెడుతున్నాం.

నిద్ర, అలారాలు

ముందు ఫోన్లో రాత్రి 11 గంటల "ఇంకో చాప్టర్" అలారం తీసెయ్. లేచే అలారం గురువారం 6:30, శుక్రవారం 6:00, శనివారం 5:30, ఆదివారం 5:00, సోమవారం 4:30, మంగళ, బుధవారాలు 4:15. ముందు లేవడం జరపాలి, పడుకోవడం దానంతటదే వెనకాల వస్తుంది. నిద్ర రాకుండా పెందలాడే మంచమెక్కితే దొర్లడమే మిగులుతుంది. లేవగానే మేడ మీదకెళ్లి పావుగంట వెలుతురులో నడువు, ఇంకా తెల్లవారకపోతే తెల్లారాక వెళ్లు. ఫోన్ తలగడ కింద కాదు, గది అవతల బీరువా మీద ఉండాలి. స్నూజ్ నొక్కితే నిద్ర చెడుతుందే కానీ పెరగదు.

రాత్రి "పుస్తకం మూసేయ్" అలారం శుక్రవారం 10:00, ఆదివారం 9:15, సోమవారం 8:45, మంగళవారం 8:00. సాయంత్రం 4 దాటాక టీ వద్దు. మధ్యాహ్నం కునుకు 2 గంటలలోపు, 25 నిమిషాలకి అలారం పెట్టుకుని. ఈ ఎండల్లో కరెంటు పోతే గది ఉడికిపోతుంది. అమ్మతో చెప్పి దోమతెర మేడ మీద కట్టించుకో.

మంగళవారం రాత్రి నిద్ర సరిగా పట్టకపోయినా కంగారు పడకు, లేచి పుస్తకం తెరవకు. కళ్లు మూసుకుని పడుకో చాలు. ముందు నాలుగు రాత్రులు బాగా పడుకున్నవాళ్లని ఒక్క రాత్రి ఏమీ చెయ్యదు.

రివిజన్

శనివారం తర్వాత కొత్త చాప్టర్ ముట్టుకోవద్దు. కొత్తది సగం వచ్చి పాతదాన్ని కలగాపులగం చేస్తుంది. 160 ప్రశ్నల్లో లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అంచేత చదివే టైములో సగం లెక్కలకే. శుక్ర, ఆదివారాలు 9 నుంచి 12 వరకు పూర్తి మాక్ టెస్ట్ కంప్యూటర్ మీదే రాయి. ఆ మూడు గంటలూ మంచినీళ్లకి తప్ప లేవకు. మధ్యాహ్నం తప్పుల నోట్సులోకి ఆ తప్పులు ఎక్కించు: ఫార్ములా రాలేదా, గుణకారంలో పోయిందా, ప్రశ్నే సరిగా చదవలేదా అని పక్కన రాయి. మూడో రకం ఎక్కువైతే చదవడం కాదు, నెమ్మదించడం కావాలి.

సోమవారం నాలుగు గంటలు మాత్రమే. మంగళవారం రెండే గంటలు, ఉదయమే: ఫార్ములాల కాగితాలు, తప్పుల నోట్సు. ఫ్రెండ్స్ గ్రూపులో వచ్చే "ముఖ్యమైన ప్రశ్నలు" తెరవొద్దు.

పరీక్షలో కెమిస్ట్రీ 35 నిమిషాలు, ఫిజిక్స్ 45, లెక్కలు 95. మిగిలిన ఐదు నిమిషాల్లో ఖాళీగా ఉన్నవన్నీ పెట్టెయ్, నెగెటివ్ మార్కులు లేవు.

మంగళవారం సాయంత్రం 6 గంటలకి

అన్నీ నువ్వే సర్దు, నాన్న రెండోసారి చూస్తారు. హాల్‌టికెట్ ప్రింట్లు రెండు: ఒకటి నీ ఫోల్డర్లో, ఒకటి నాన్న దగ్గర. హాల్‌టికెట్ మీద తెమ్మన్నవి ఒక్కొక్కటీ చదివి టిక్కు పెట్టు. ఒరిజినల్ ఆధార్, రెండు బాల్‌పెన్నులు. అన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టు, మే నెలలో గాలివాన ఎప్పుడొస్తుందో చెప్పలేం. వాచీ, కాలిక్యులేటర్ వద్దు, టైము స్క్రీన్ మీదే కనిపిస్తుంది. ఫోన్ నాన్న దగ్గరే ఉంటుంది.

పిన్ని వాళ్లింట్లో పెళ్లి ఉంది కదా, గోరింటాకు పెట్టుకోవద్దు. వేలిముద్ర తీసుకుంటారు, పండిన వేళ్ల గీతలు మిషన్‌కి సరిగా అందక లైను ఆగిపోతుంది.

తెల్లారి మూడు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ. కొత్త ఆవకాయ రెండు రోజులు ఆగుతుందిలే. పెరుగన్నం బాక్సు పరీక్షయ్యాక తినడానికి, నీళ్ల సీసా, పది రూపాయల నోట్లు, చేతిరుమాలు.

దారి యెదుర్లంక వంతెన, యానాం మీదుగా. ముక్తేశ్వరం రేవు నుంచి కోటిపల్లికి పంటు మీద వెళ్దామని నాన్న అంటే ఒప్పుకోకు. పంటు నిండితేగానీ కదలదు, వేసవిలో నీళ్లు తగ్గితే ఇసుకలో నిలిచిపోతుంది. 5:35 దాకా బస్సు రాకపోతే బాబాయి కారు. సోమవారమే బాబాయికి చెప్పి ఆయిలు కొట్టించి ఉంచాలి.

కాకినాడ కాంప్లెక్స్ దగ్గర దిగాక ఆటో డ్రైవరుకి కాలేజీ పేరొక్కటే చెబితే చాలదు, ఒకే పేరుతో రెండు క్యాంపస్‌లు ఉండొచ్చు. హాల్‌టికెట్ మీద అడ్రసు చూపించు. 7:30కి గేటు దగ్గర ఉంటే చాలు. అక్కడ పుస్తకం తెరవొద్దు, బాత్రూముకి వెళ్లొచ్చి లైన్లో నిలబడు.