విషయం: జూలైలో కలుద్దామా, డిసెంబర్‌లోనా? మార్చి 15 లోపల చెప్పండి

సుధాకరన్నా, వదినా, పద్మక్కా, బావా, చిన్నాయనా, పిన్నీ,

అందరూ బాగున్నారని తలుస్తాను. ఫోన్లలో "ఈసారి అందరం కలవాల" అనుకోవడమే గానీ తేదీ దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోతోంది. జేజికి ఈ ఏడు ఎనభై నిండుతాయి. అందుకే నేనే రెండు తేదీలు పెడుతున్నా.

మొదటిది 2026 జూలై 3 శుక్రవారం నుంచి 11 శనివారం వరకు. అమెరికాలో, కువైట్‌లో పిల్లలకు ఎండాకాలం సెలవులు. మెల్‌బోర్న్‌లో చలికాలం సెలవులు కూడా అప్పుడే పడతాయి. మూడు దేశాల బడులకూ అప్పుడు ఒకేసారి సెలవులు. ఎండ ఉంటుంది, దాచను. కానీ తోటలో తోతాపురి కాయలు ఇంకా ఉంటాయి.

రెండోది డిసెంబర్ 26 నుంచి జనవరి 3 వరకు. వాతావరణం హాయి. కానీ అన్నకు సెలవులు చాలా తక్కువ, టికెట్ ధరలు మండిపోతాయి, కొత్త సంవత్సరానికి కొండ మీద కాలు పెట్టే సందు ఉండదు. నా ఓటు జూలైకే.

తొందర ఎందుకంటే, 300 రూపాయల దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు, చూస్తుండగానే అయిపోతాయి. ఇంతమందికి ఒకే స్లాట్ దొరకాలంటే పేర్లు, వయసులు, పాస్‌పోర్ట్ నంబర్లు ముందే నా దగ్గర ఉండాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. వచ్చేటప్పుడు అసలు పాస్‌పోర్టులే తెచ్చుకోండి, జిరాక్సులతో పని కాదు.

దర్శనం అయ్యాక కాణిపాకం, అట్నుంచి ఊర్లో రెండు రోజులు, ఆ తర్వాత హార్సిలీ హిల్స్‌లో రెండు రాత్రులు అనుకుంటున్నా. పిల్లలకు తలకోన చూపించాలని పద్మక్క అడిగింది. జూలైలో జలపాతంలో నీళ్లు ఎంతుంటాయో వానల్ని బట్టి, అందుకే ఖాయం చేయలేదు. జేజి బస్సు ప్రయాణం తట్టుకోలేదు, ఆమెకు వేరే కారు పెడతాను.

మీరు రాయాల్సినవి: రెండిట్లో ఏ తేదీలు, ఎన్ని రోజులు ఉండగలరు, దిగేది చెన్నైలోనా బెంగళూరులోనా. చెన్నై అయితే మూడు, నాలుగు గంటల్లో ఇంటికి చేరతారు. కొండకు నడిచి ఎక్కేవాళ్లెవరో కూడా చెప్పండి. శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లే, అలిపిరి కన్నా చాలా తక్కువ. బావ మోకాళ్ల సంగతి తెలుసు, మొహమాటపడొద్దు.

చిన్నాయనా, మీకు లీవు దొరకడమే కష్టం కదా. మీకు కుదిరే రోజులు ముందు రాయండి, మిగతావాళ్లం సర్దుకుంటాం. ఖర్చుల మాట తేదీ తేలాక మాట్లాడుకుందాం. జేజి, అమ్మ ఖర్చు మాత్రం నాది, దాని మీద వాదన వద్దు.

జవాబు అందరికీ వెళ్లేలా పంపండి, లేకపోతే ఒక్కొక్కరికీ నేను ఫోన్ చేసి మళ్లీ చెప్పాలి.

మీ మురళి
తిరుపతి